19.5 చూపిస్తే దిగాలా, వద్దా?

(జడ్చర్ల దగ్గర ఫార్మా యూనిట్ల షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లకు, సేఫ్టీ ఆఫీసర్లకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పోలేపల్లిలో షిఫ్ట్ దిగి నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్లు ఉన్నట్టున్నారు. చాయ్ తాగుకుంటనే వినండి.

ఇంగ్లీషు సేఫ్టీ పాలసీని తెలుగులో చిన్నగా ఎట్ల రాయాలో చెప్పమన్నారు. పాలసీ మొత్తం ముందేసుకుంటే రాత్రయినా తెమలదు. అందుకే ఒక్క పేజీ తీసుకుంటున్నాను. రియాక్టర్ కడగడానికో, రిపేరుకో మనిషి లోపలికి దిగే పేజీ. కన్‌ఫైన్డ్ స్పేస్ ఎంట్రీ అంటాం కదా, అదే. ఈ పేజీ ఏ కంపెనీదీ కాదు. మన దగ్గర మామూలుగా ఉండే రూల్స్‌తో ఇవాళ్టి కోసం నేను తయారుచేసుకున్నది. మీ యూనిట్‌లో అంకెలు వేరుగా ఉంటే మీకు అవే రూలు.

ఇంగ్లీషు పేజీలో సంగతి ఇది. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకుండా, 23.5 శాతానికి మించకుండా ఉండాలి. మండే ఆవిరి ఎల్ఈఎల్‌లో 10 శాతం కంటే తక్కువ ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ 25 పీపీఎం మించరాదు. టెస్ట్ చేసిన 30 నిమిషాల లోపల మనిషి దిగాలి. లోపల వాడే లైట్ ఫ్లేమ్‌ప్రూఫ్ అయి ఉండాలి, 24 వోల్టులు మించరాదు. దిగే మనిషికి బెల్టు, దానికి తాడు, తాడు కొస పట్టుకుని బయట ఒక మనిషి. వీటికి తోడు నిర్వచనాలు, బాధ్యతలు, రికార్డులు ఎన్నాళ్లు దాచాలి, మీటర్ క్యాలిబ్రేషన్ ఎన్ని రోజులకోసారి, ఏ డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం పెట్టాలి, ఇవన్నీ ఆ పేజీలోనే ఉంటాయి.

మ్యాన్‌హోల్ పక్కన నిలబడ్డ మనిషికి ఇదంతా అక్కర్లేదు. ఆయన ముందు ఉన్న ప్రశ్న ఒకటే: ఇప్పుడు దిగాలా, వద్దా? దానికి జవాబు చెప్పే అంకెలు ఉంచండి, మిగతావి తీసేయండి. క్యాలిబ్రేషన్ గడువు ఇన్‌స్ట్రుమెంట్ డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది. దిగే మనిషి మీటర్ మీద స్టిక్కర్ తేదీ దాటిందో లేదో చూస్తే చాలు. రికార్డుల గడువు ఆయనకు అసలే పనికిరాదు. ఒక అంకె అనవసరం అనుకుంటే పూర్తిగా తీసేయండి, తప్పు లేదు. సగం తీయడం, అంటే 'సుమారు', 'తగినంత', 'పరిమితికి లోబడి' అని రాయడం మాత్రం వద్దు. 'తగినంత ఆక్సిజన్ ఉండవలెను' అని రాసిన బోర్డులు మనం చూస్తూనే ఉంటాం. తగినంత అంటే ఎంతో ఎవరు చెప్తారు?

ఇక అసలు విషయం. లిమిట్ అంటే మనకు అంకె ఒక్కటే కనిపిస్తుంది. నిజానికి అందులో అంకెతో పాటు ఇంకా కొన్ని దాగి ఉంటాయి. అంకెకు ఏ పక్క ఉంటే మంచిది, సరిగ్గా ఆ అంకే వస్తే ఏం చేయాలి, అది దేనిలో శాతం. ఇందులో ఒక్కటి జారిపోయినా, అంకె అచ్చు గుద్దినట్టు ఉన్నా సరే, రూలు తప్పిపోయినట్టే.

మా చిన్న రూల్స్‌లో 10 ని 10 అనే రాశాం కదా సార్ అంటారు. రాశారు, కాదనను. ఒక బోర్డు మీద ఇట్లా ఉందనుకోండి: 'మండే ఆవిరి 10% కంటే తక్కువ ఉండాలి.' చదవడానికి బాగానే ఉంది. కానీ 'ఎల్ఈఎల్‌లో' అన్న మాట పోయింది. మిథనాల్ సంగతే చూద్దాం, మన యూనిట్లలో దాని వాడకం ఎక్కువ కాబట్టి. గాలిలో మిథనాల్ ఆవిరి 6 శాతం చేరితే అంటుకునే స్థితికి వస్తుంది. అదే దాని ఎల్ఈఎల్. దానిలో 10 శాతం అంటే గాలిలో 0.6 శాతం. పాలసీ ఒప్పుకోనిది ఆ 0.6 ని. బోర్డును ఉన్నది ఉన్నట్టు చదివితే గాలిలో 8 శాతం ఉన్నా పర్వాలేదనే అర్థం వస్తుంది. అంటే నిప్పురవ్వ పడితే పేలే గాలిలోకి దిగమని మనమే రాసి పెట్టినట్టు. అంకె ఎక్కడా మారలేదు.

అందుకే నేను ఏం చేస్తానంటే, మీటర్ తెర మీద ఏ అక్షరాలు ఉంటే బోర్డు మీద అవే రాస్తాను: O2, LEL, CO. ఇవి తెలుగులోకి మార్చను. మన ఆపరేటర్ ఇంగ్లీషు పాలసీ చదవకపోవచ్చు గానీ మీటర్ మీద LEL అన్న మూడు అక్షరాల బొమ్మ ఆయనకు బాగా తెలుసు. 'కనిష్ఠ విస్ఫోటన పరిమితి' అని రాస్తే మీటర్‌లో దాన్ని ఎక్కడ వెతుక్కోవాలి పాపం? అంకెలు కూడా మీటర్‌లో కనిపించే అంకెలే వాడాలి. తెలుగు అంకెలు అందంగా ఉంటాయి, నాకూ ఇష్టమే, కానీ ఇక్కడ వద్దు.

ఈ LEL దగ్గర ఇంకొక తిరకాసు ఉంది. LEL చెప్పేది పేలుడు గురించి. ఊపిరి గురించి కాదు. ఆ 0.6 శాతాన్ని పీపీఎంలోకి మారిస్తే 6000. మిథనాల్‌కు ఎనిమిది గంటల పనికి పెట్టుకునే లిమిట్ 200 పీపీఎం. ప్రాణానికి తక్షణ ప్రమాదమని అమెరికా సంస్థ నియోష్ పెట్టిన హద్దు 6000 పీపీఎం. అంటే LEL 10 దగ్గరికి వచ్చేసరికే మనిషి ప్రాణాపాయం అంచున ఉంటాడు. అంతెందుకు, మీటర్‌లో LEL 1 అని కనిపించినా లోపల దాదాపు 600 పీపీఎం ఉన్నట్టే. మరి '10 కంటే తక్కువ' అన్న ఒక్క ముక్కే రాస్తే మనిషి ఏమనుకుంటాడు? 3 ఉంది, అంతా సేఫ్, మాస్కు ఎందుకు అనుకుంటాడు. అందుకని ఆ లైను కింద ఇంకో ముక్క రాయాల్సిందే: LEL తక్కువ ఉన్నా, పర్మిట్‌లో రాసిన మాస్కు లేదా ఎయిర్ లైన్ వేసుకోవాలి. చిన్నగా రాయమన్నారని ఈ ముక్క కోసేస్తే మిగిలిన అంకె మనిషిని మోసం చేస్తుంది.

ఇప్పుడు అంచు సంగతి. ఇంగ్లీషు పేజీలో రెండు రకాల మాటలున్నాయి, గమనించారా? LEL దగ్గర 'కంటే తక్కువ' అని ఉంది, CO దగ్గర 'మించరాదు' అని ఉంది. మీటర్ CO 25 చూపిస్తే పాలసీ ప్రకారం దిగొచ్చు. LEL 10 చూపిస్తే దిగకూడదు. తెలుగులో రాసేటప్పుడు మనవాళ్లు రెండింటికీ కలిపి 'లోపు' అని పెట్టేస్తారు. '10 లోపు, 25 లోపు.' మనకు 'లోపు' అంటే ఏంది? పదో తారీఖు లోపు కరెంటు బిల్లు కట్టమంటే పదో తారీఖు నాడు పోయి కడతాం, ఎవరూ తప్పనరు. కాబట్టి '10 లోపు' అని రాస్తే 10 చూపినా దిగొచ్చు అనే చదువుతారు. 'మధ్య' అన్న మాటదీ అదే గొడవ. 19.5 కు, 23.5 కు మధ్య అంటే ఆ రెండూ కలిసినట్టా, కానట్టా? 'నుంచి, వరకు' అంటే రెండు కొసలూ కలిసినట్టే అని అందరికీ తెలుసు. కాబట్టి O2 దగ్గర '19.5 నుంచి 23.5 వరకు' అని రాయండి. LEL దగ్గర '10 కంటే తక్కువ. 10 చూపినా దిగొద్దు' అని రాయండి. CO దగ్గర '25 వరకు. 26 చూపితే దిగొద్దు.' కొంచెం పొడుగైనా సరే, అనుమానం ఉండదు. మీటర్ CO ని, LEL ని పూర్తి అంకెల్లో చూపిస్తుందా, పాయింట్లతో చూపిస్తుందా అన్నది మీ మీటర్ చూసి రాయండి. ఆక్సిజన్‌కు మాత్రం మామూలుగా ఒక పాయింట్ చూపిస్తుంది.

ఆ గుర్తులు ఉంటాయి కదా, చిన్నది పెద్దది అని, నోరు తెరిచిన బాణాల్లాంటివి. బోర్డు మీద అవి వద్దు. ఒకరు ఇటు చదువుతారు, ఒకరు అటు చదువుతారు. పైగా పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు టైప్ చేసేటప్పుడు ఇట్లాంటి గుర్తులు మారిపోయి ఇంకేదో అక్షరం వచ్చి కూర్చుంటుంది. రెండు అంకెల నడుమ గీత పెట్టడం కూడా వద్దు. ఇక చుక్క! 19.5 లో చుక్క ఫ్లెక్సీ మీద పోతే అది 195 అవుతుంది, అయితే ఇదేదో తప్పని చూడగానే తెలుస్తుంది. చుక్క ఉండి కూడా తెలియని తప్పు ఇంకోటి ఉంది. సర్దేయడం.

'19.5 ఎందుకు సార్, 20 అని రాస్తే గుర్తుంటది, పైగా సేఫ్ సైడ్ కదా' అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ మీటర్ 19.7 చూపించిన రోజు షిఫ్ట్ ఇన్‌చార్జ్ పర్మిట్ మీద సంతకం పెడతాడు, ఎందుకంటే ఆయన దగ్గర ఉన్న పాలసీ ఒప్పుకుంటుంది. బోర్డు మాత్రం వద్దంటుంది. ఆపరేటర్ ఏం నేర్చుకుంటాడు? బోర్డు మీద రాసింది ఉత్తదే, సార్లు దాన్ని పట్టించుకోరు అని నేర్చుకుంటాడు. తర్వాత LEL 10 అన్న మాటను కూడా అట్లనే చూస్తాడు. కిందికి సర్దితే ఇంకా ఘోరం, 19 అని రాస్తే పాలసీ వద్దన్న గాలిలోకి మనమే పంపినట్టు. నోటితో చెప్పడానికి 'పందొమ్మిదిన్నర' అంటే సరిపోతుంది, 'ఇరవై మూడున్నర' అంటే సరిపోతుంది. మార్కెట్‌లో వడ్లు తూకం వేయించుకునేవాళ్లకు అర కష్టమా?

పై హద్దు 23.5 గురించి ఒక్క మాట. ఆక్సిజన్ ఎక్కువుంటే మంచిదే కదా అని చాలామంది అనుకుంటారు, ఇది సహజం. ఎక్కువైతే బట్టలు, జుట్టు కూడా భగ్గున అంటుకుంటాయి. గ్యాస్ కటింగ్ సెట్ ఆక్సిజన్ పైపు లోపల కారితే ఈ పరిస్థితి వస్తుంది. కారణం నాలుగు మాటల్లో చెప్తే ఆ అంకెను నమ్ముతారు: 'ఎక్కువైతే మంటలు.' తక్కువ వైపు కూడా అంతే: 'తక్కువైతే నైట్రోజన్ ఉన్నట్టు.' నైట్రోజన్‌కు వాసన లేదు, దగ్గు రాదు, మనిషి ఒకటి రెండు ఊపిర్లలోనే కూలిపోవచ్చు. మామూలు గాలిలో 20.9 ఉంటుంది కాబట్టి మీటర్ 20 చూపించినా, దిగే అనుమతి ఉన్నా, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని షిఫ్ట్ ఇన్‌చార్జ్ అడగాలి. అది మీ పని, బోర్డుది కాదు.

క్రమం కూడా చిన్నగా రాసేటప్పుడు పోయేదే. పాలసీలో ముందు ఆక్సిజన్, తర్వాత మండే ఆవిరి, తర్వాత విషవాయువు అని ఉంటుంది. ఆకర్షణీయంగా ఉండాలని ఎవరో పేలుడును పైకి తెస్తారు, ఎర్ర అక్షరాల్లో. ఈ వరుస ఊరికే పెట్టింది కాదు. మామూలు LEL సెన్సర్ ఆవిరిని లోపల కొంచెం కాల్చి కొలుస్తుంది. కాలడానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నిండిన రియాక్టర్‌లో నిండా మిథనాల్ ఆవిరి ఉన్నా LEL తక్కువ చూపించొచ్చు. కాబట్టి O2 లైను పైనే ఉండాలి, అది సరిగా లేకపోతే కింది అంకెకు విలువ లేదు. అట్లనే పైన, నడుమ, అడుగున మూడు చోట్ల కొలవాలన్న ముక్క. టోలీన్ ఆవిరి గాలికంటే బరువు, అడుగుకు చేరుతుంది. మ్యాన్‌హోల్ దగ్గర మీటర్ పెట్టి చూసిన అంకె అడుగున ఉన్న గాలి గురించి ఏమీ చెప్పదు.

లైట్ సంగతి. 24 వోల్టుల మాట 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచి వచ్చిందే. బెల్టు, తాడు, బయట పట్టుకునే మనిషి కూడా అందులోనివే. చిన్నగా రాసేటప్పుడు అంకె ఉన్న సగం నిలుస్తుంది, అంకె లేని సగం పోతుంది. '24 వోల్టుల లైట్ వాడాలి' అని ఉంటుంది, ఫ్లేమ్‌ప్రూఫ్ అన్న మాట ఉండదు. 24 వోల్టులు షాక్ నుంచి కాపాడుతుంది, నిప్పురవ్వను ఆపదు. మిథనాల్ ఉన్న చోట మామూలు 24 వోల్టుల చేతి లైట్ కూడా ప్రమాదమే. రెండూ రాసి, 'రెండూ ఉండాలి' అని కూడా రాయండి.

ఇంకొకటి, రాసేవాళ్లకు వచ్చే పెద్ద టెంప్టేషన్. ఇంటర్నెట్‌లో చూసి పాలసీ అంకెను 'సరిచేయడం'. ఈ కార్బన్ మోనాక్సైడ్‌కే అమెరికాలో ఓషా లిమిట్ 50, నియోష్ సిఫారసు 35, ఏసీజీఐహెచ్ చెప్పేది 25. మూడూ నిజమైన అంకెలే. మీ పాలసీలో 25 ఉంటే తెలుగులో 25 ఉండాలి, 35 ఉంటే 35 ఉండాలి. తప్పనిపిస్తే పాలసీ రాసినవాళ్లను అడగండి, వాళ్లు ఇంగ్లీషు మార్చాక తెలుగు మార్చండి.

అడగాల్సినవి నిజంగానే దొరుకుతాయి. ఉదాహరణకు కొన్ని మీటర్లు ఆక్సిజన్ 19.5 కు రాగానే మోగేట్టు సెట్ చేసి ఉంటాయి. పాలసీ ఏమో 19.5 ఉంటే సరే అంటుంది. మీటర్ కూస్తుంటే బోర్డు దిగమంటుంది! ఏది నమ్మాలి? దీన్ని అనువాదం చేసేవాడు తేల్చకూడదు. సేఫ్టీ హెడ్ రాతపూర్వకంగా తేల్చాలి. నన్నడిగితే అలారం గెలవాలి.

సరే, అన్నీ కలిపి చూస్తే బోర్డు ఇట్లా వస్తుంది. నెమ్మదిగా చదువుతాను.

రియాక్టర్‌లోకి దిగే ముందు.
పర్మిట్ మీద మీ పేరు, సంతకాలు ఉన్నాయా? లేకపోతే దిగొద్దు.
మీటర్ పైన, నడుమ, అడుగున పెట్టి చూడాలి. మూడు చోట్లా ఇట్లా ఉంటేనే దిగాలి.
O2: 19.5 నుంచి 23.5 వరకు. 19.4 చూపినా, 23.6 చూపినా దిగొద్దు. తక్కువైతే నైట్రోజన్ ఉన్నట్టు, ఎక్కువైతే మంటలు.
LEL: 10 కంటే తక్కువ. 10 చూపినా దిగొద్దు. తక్కువ ఉన్నా పర్మిట్‌లో రాసిన మాస్కు లేదా ఎయిర్ లైన్ వేసుకోవాలి.
CO: 25 వరకు. 26 చూపితే దిగొద్దు.
టెస్ట్ చేసి 30 నిమిషాలు దాటితే మళ్లీ టెస్ట్ చేయించాలి.
లైట్: ఫ్లేమ్‌ప్రూఫ్, 24 వోల్టులు మించనిది. రెండూ ఉండాలి.
బెల్టు తాడు పట్టుకుని బయట మనిషి ఉండాలి. ఆయన పక్కకు పోతే మీరు బయటికి రండి.
అలారం మోగితే అంకె చూడొద్దు. బయటికి రండి.
లోపల ఎవరైనా పడిపోతే వెంట దిగొద్దు. అరవండి, ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చేయండి.

చివరి లైనులో లిమిట్ లేదు, స్థలం లేదని కొందరు అదే తీసేస్తారు. ఇట్లాంటి చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయి దిగినవాళ్లేనని నియోష్ 1986లోనే రాసింది. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

రాశాక చెక్ చేయడం ఎట్ల? ఇద్దరు కూర్చోండి. ఒకరు ఇంగ్లీషు పేజీలోంచి అంకె, యూనిట్, ఏ పక్క మంచిదో చదవాలి. ఇంకొకరు తెలుగులో దాని మీద వేలు పెట్టి చూపించాలి. రాసిన మనిషి ఒక్కడే తన రాతను చెక్ చేసుకుంటే లేనిది కూడా ఉన్నట్టే చదువుతాడు. ఆ తర్వాత పాలసీ ఎప్పుడూ చూడని ఆపరేటర్‌ను పిలవండి. 'అర్థమైందా?' అని అడగొద్దు, అర్థమైంది సార్ అనే అంటాడు. మీటర్ 19.4 చూపింది, దిగుతావా? 19.5? LEL 9? 10? CO 25? ఇట్లా అంచుకు ఇటు, అంచు మీద, అంచుకు అటు అడగండి. తప్పు చెప్తే ఆపరేటర్‌ను తిట్టొద్దు, ఆ లైను మార్చండి. ఇంకో ఆపరేటర్‌ను పిలిచి మళ్లీ అడగండి.

(ఇక్కడ ఒకరు అడిగారు: మా దగ్గర కాంట్రాక్ట్ లేబర్‌లో సగం మంది ఒడిశా, బీహార్ వాళ్లు, తెలుగు చదవరు. మనవాళ్లలో కూడా కొందరికి చదువు రాదు. బోర్డు వల్ల ఏం లాభం?)

మంచి ప్రశ్నే. హిందీ, ఒడియా బోర్డులను తెలుగు బోర్డు చూసి రాయించొద్దు, ఇంగ్లీషు పాలసీ చూసి రాయించండి, లేకపోతే తెలుగులో ఏదైనా జారి ఉంటే అది కూడా అక్కడికి పోతుంది. చదవలేనివాళ్లకు పర్మిట్ ఇచ్చేటప్పుడు మ్యాన్‌హోల్ దగ్గరే చదివి వినిపించాలి. వినిపించి ఊరుకోకుండా మీటర్ వాళ్ల చేతికిచ్చి, ఇందులో O2 ఏది, ఎంత చూపుతోంది, దిగొచ్చా అని అడగాలి. ఆ జవాబు వచ్చాకే సంతకం పెట్టండి. ఇంకో సంగతి, బోర్డు కింద పాలసీ రివిజన్ నంబరు, తేదీ వేయండి. ఇంగ్లీషు పాలసీ మారిన రోజే పాత బోర్డు, గోడ మీదిది, వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ఫొటో, రెండూ తీసేయించాలి. గోడ మీదిది తేలిక. ఫోన్లలో ఉన్నదానికి ఏం చేయాలంటే, కొత్త ఫొటోలో రివిజన్ నంబరు పెద్దగా కనిపించేట్టు పెట్టి, పర్మిట్ మీద కూడా అదే నంబరు రాయండి. రెండూ కలవకపోతే పర్మిట్ ఆపండి.